అత్త పక్కన కూర్చున్న మనిషి

మా అత్త సొన్నమ్మ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇది మెచ్చుకోలు అనుకోకండి. నోరు తెరిచి అడగని అత్తతో వేగడం ఎంత కష్టమో నాలాంటి కోడళ్ళకే తెలుసు. పులుసులో ఉప్పు లేకపోతే లేదని చెప్పదు, తిని లేచిపోతుంది. జ్వరమొస్తే ముసుగు పెట్టుకుని పడుకుంటుంది, మనమే వెళ్ళి నుదురు ముట్టుకుని చూడాలి. అలాంటిది ఒక్కసారి, ఒకే ఒక్క మాట అడిగింది. చనిపోయిన మొగుడు ముసలివాడై ఉంటే ఎలా ఉండేవాడో చూడాలనిపిస్తోందని అడిగింది.

మాది వర్తూరు. ఇప్పుడు బెంగళూరంటున్నారు గానీ, అత్త కాపురానికి వచ్చినప్పుడు చెరువు కింద మడి, మడి పక్కన ఊరు, అంతే. ఇప్పుడు ఆ మడి మీద పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. చెరువేమో నురగలు కక్కుతూ ఉంటుంది. అత్త ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మిగిలిన కాస్త చేలో ఆకుకూరలు వేసి, ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గరే కూర్చుని అమ్మింది. తన మడి మీద కట్టిన ఇంటివాళ్ళకి తనే తోటకూర అమ్మడం నాకు కడుపు మండే విషయం. ఆమెకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. అనిపించినా చెప్పేది కాదు.

ఆమెకు పదిహేడేళ్ళప్పుడు పెళ్ళయింది. మామ పేరు మునిశామి. ఇరవై ఎనిమిదేళ్ళకే మడిలో పంపుసెట్టు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. అప్పటికి మా ఆయన అమరనాథ్ మూడేళ్ళ పిల్లవాడు. ఆ తర్వాత ఇద్దరినీ మామ అన్నగారే చూసుకున్నాడు. ఆయన్ని మా ఆయన దొడ్డప్ప అనేవాడు. ఇక్కడి తెలుగువాళ్ళం పెదనాన్నని కన్నడంలోలాగా దొడ్డప్ప అనే అంటాం. ఐటీఐ చదివించింది ఆయనే, బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని ఇప్పించిందీ ఆయనే. అందుకే మా హాల్లో దేవుడి పటాల వరసలోనే దొడ్డప్ప పటం ఉంటుంది. పోయి పదిహేనేళ్ళవుతున్నా పండగ పండగకీ కొత్త దండ పడుతుంది. దండ గుచ్చేది నేనే.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ దొడ్డప్ప బతికే ఉన్నాడు. మనిషి పొడగరి, మాట తక్కువ. ఆయన వాకిట్లో అడుగు పెడితే చాలు, అత్త ఏ పనిలో ఉన్నా లేచి నిలబడేది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, తల వంచుకుని, గోడకి అతుక్కుపోయేది. ఆయన వెళ్ళేదాకా అంతే. తమ్ముడి పెళ్ళాం బావగారి ముందు కూర్చోకూడదని మా వాళ్ళలో కట్టుబాటు. నేనూ మా బావ సురేశ్ వస్తే లేస్తాను. సురేశ్ దొడ్డప్ప కొడుకే. కానీ నేను లేచేది సగం సగం, చేతిలో చాట చేతిలోనే ఉంటుంది. అత్త లేవడం వేరు. అంత మర్యాద ఏమిటమ్మా అని నాలో నేనే నవ్వుకునేదాన్ని. పాతకాలం మనిషి కదా అనుకున్నాను.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర పొద్దున నడకకు వచ్చే ముసలి జంట ఒకటుండేది. ఒకరోజు ఆవిడ బూటు లేసు ఊడితే, ఆయన కిందకి వంగలేక మూలుగుతూనే మోకాళ్ళ మీద కూర్చుని కట్టాడట. అత్త అది చూసి వచ్చింది. సాయంత్రం మేమిద్దరం కూర ఏరుకుంటుంటే ఉన్నట్టుండి అంది.

"శశీ, మీ మామ బతికుంటే ఇప్పుడు ఎట్లుండునో? బట్టతల వచ్చుండునా?"

"వచ్చుంటే మీరు ఊరుకుందురా అత్తా, నెత్తికి నూనె రుద్ది రుద్ది మొలిపించి ఉందురు" అన్నాను నేను.

ఆమె నవ్వలేదు. "ఎట్లున్నా సరేలే. ముసలోడైనాంక ఆయప్ప మొగము ఎట్లుండునో ఒక్కసారి చూడాలనిపిస్తాది. నా పక్కన" అంది. మళ్ళీ తలొంచుకుని పుచ్చు ఆకులు తీసి పారేసింది.

'అనిపిస్తాది' అన్న మాట ఆ నోటి నుంచి నేను వినడం అదే మొదలు. ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. వచ్చే ఏటికి అమ్మానాయన పెళ్ళై యాభై ఏళ్ళు, ఇద్దరినీ ఒకే పటంలో కూర్చోబెట్టిద్దాం అన్నాడు. ఈలోగా అత్తకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ కర్ర పట్టుకుని నడిచేది, మూతి కొంచెం వంకర పోయింది. కొత్తగా ఫోటో తీద్దామంటే "ఈ వంకరమూతి వద్దప్పా, ఆయప్ప గుర్తుపట్టడు" అని మొహం తిప్పుకుంది.

అందుకని పాత ఫోటోలే దిక్కయ్యాయి. మామది ఒక్కటే ఉంది. ఏదో ఉద్యోగానికని ఇరవై ఆరేళ్ళప్పుడు తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో, అరచేతిలో సగం ఉంటుంది. అత్తది మా పెళ్ళిలోది. నలభై ఏడేళ్ళ వయసు, వెనక వరసలో కూర్చుని ఉండగా ఫోటోగ్రాఫరు పిలిస్తే తల తిప్పిన రంగుల ఫోటో. ఆయన్ని చూస్తే పెళ్ళికొడుకు, ఆమెను చూస్తే పెళ్ళికొడుకు తల్లి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి మా ఆయన తల పట్టుకున్నాడు. మొదట ఫోనులో ఏదో యాప్‌తో ప్రయత్నించాడు. మామ మొహానికి తెల్లజుట్టు, తెల్లగడ్డం, మెరిసే పళ్ళు పెట్టి ఎవరో టూత్‌పేస్టు తాతని తయారుచేసి ఇచ్చింది. "ఇతనెవడు?" అన్నాను. అక్కడితో ఫోను మూసేశాడు.

నగర్తపేటలో పటాలు కట్టే సందులో, మెట్లెక్కి పైకి పోతే పద్మనాభం అని ఒకాయన ఉన్నాడు. పాత ఫోటోలు బాగుచేయడమే ఆయన పని. వెనకటికి నెగటివు మీద పెన్సిలుతో దిద్దేవాడట, ఇప్పుడు కంప్యూటరు. మనిషికి వాగుడు ఎక్కువ. ఆయన చెప్పిందంతా రాస్తే పుస్తకమవుతుంది, నాకు గుర్తున్నంత చెబుతాను.

ముందు రెండు ఫోటోలూ స్కాన్ చేసి తెర మీద పెద్దవి చేశాడు. "చూడండి సార్, వయసులు కుదరాలంటే రెండే దారులు. అమ్మను కిందికి దించల్ల, లేదంటే నాయన్ని పైకి తేవల్ల. అమ్మను దించితే బొమ్మ మాదిరి అవుతాది, ముడతలు తుడిచేస్తే మనిషి పోతాది. నాయన్నే పైకి తెద్దాము. అమ్మకి ఈడ నలభై ఏడు. ఆయన ఆరేళ్ళు పెద్ద అంటిరి, అంటే యాభై మూడు. చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకే దినం కూర్చున్నట్టు ఉండల్ల, అంతే."

అత్త ఫోటోలో రంగు తీసేసి రెండింటినీ ఒకే నలుపు తెలుపు చేస్తానన్నాడు. మామ మొహం మీద వెలుగు ఒక పక్క నుంచి పడింది, అత్త మొహం మీద ఫ్లాషు ఎదురుగా కొట్టింది, కాబట్టి ఆమె చెంప మీద కొంచెం నీడ వేయాలన్నాడు. ఆమె ఫోటో స్పష్టంగా ఉంది, ఆయనది మసక, కాబట్టి ఆమెకూ కాస్త అదే మసక అద్దాలట. మామని అద్దంలోలాగా అటు తిప్పేస్తే ఇద్దరూ ఎదురెదురు మొగ్గుతారు కదా అని మా ఆయన తెలివి చూపించబోతే, "తిప్పితే ఆయన చెంప మీది పుట్టుమచ్చ అటుపక్కకి పోతాది సార్, పెళ్ళాము ఫస్టు చూసేది దాన్నే" అన్నాడు పద్మనాభం. నాకు నవ్వొచ్చింది. నిజమే.

"మనిషికి వయసైతే ఎముక మారదు. కండ్ల మధ్య దూరము, ముక్కు ఎముక అట్లే ఉంటాది. పైన ఉండే మాంసం జారతాది. రెప్పలు కిందికి దిగతాయి, ముక్కు నుంచి మూతి దాకా మడత పడతాది, చెవి తమ్మెలు సాగతాయి, మెడ వదులవుతాది. అయితే ఎవరిది ఎట్ల జారతాదో అది వంశము చెప్తాది. నేను నా ఇష్టానికి వేస్తే ఎవడో ముసలోడు అవుతాడు. మీరు నాయన పోలికా?"

"లేదు, అంతా అమ్మ పోలికే" అన్నాడు మా ఆయన.

"అట్లయితే రక్తసంబంధము వాళ్ళ ఫోటో ఒకటి కావల్ల. ఆయన అన్నదమ్ములు ఎవరన్నా, యాభై దాటినాంక తీసింది."

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఫోను తీసి, హాల్లో దండ వేసిన పటం ఫోటో చూపించాడు. పద్మనాభం రెండు మొహాలనీ పక్కపక్కన పెట్టాడు. అవే దవడలు, అదే ముక్కు, చెవులు కూడా ఒకే అచ్చు. "ఇంతకన్నా ఏం కావల్ల సార్, దేవుడే మోడల్ ఇచ్చినాడు" అన్నాడు.

లేవబోతుంటే అత్త మొహం మీదికి బాణం గుర్తు తీసుకుపోయాడు. ఎడమ కనుబొమ్మ పైన, నుదుటి మీద చిటికెన వేలు పొడుగున ఒక వంకర గీత, పాత గాయం మచ్చ. "ఇది తీసేద్దామా?" అన్నాడు.

"తీసేయండి. శుభమా అని పెళ్ళిరోజు పటం" అన్నాడు మా ఆయన. నేనూ తలూపాను. చిన్నప్పుడు గడప తగిలిందని అత్తే ఎప్పుడో చెప్పింది. గడప తగిలిన మచ్చకి పెళ్ళిపటంలో ఏం పని? దాని బదులు బొట్టు పెట్టించాం, మెడలో తాళి వేయించాం.

విధవకు పెళ్ళిరోజేమిటని చుట్టాల్లో గొణుగుడు లేకపోలేదు. గొణిగిన వాళ్ళంతా భోజనానికి మాత్రం ముందే వచ్చారు. ఒబ్బట్లు చేశాను, చిత్రాన్నం కలిపాను. సురేశ్ బావ పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. పటం పద్మనాభం కట్టిచ్చినట్టే కాగితంతో హాల్లో గోడకి ఆనించి ఉంది, ముందుగా ఎవరూ చూడకూడదని మా ఆయన ఆర్డరు. అత్తకి కొత్త చీర కట్టి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. పొద్దున్నించీ ఆమె అద్దం దగ్గరికి రెండుసార్లు పోయింది. వంకరమూతిని చేత్తో సర్దుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మొగుడి కళ్ళబడతానని సిగ్గు.

మా ఆయన కాగితం చించాడు.

ఆ పని చూసి మెచ్చుకోకుండా ఉండలేం. ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే వెలుగులో, భుజం భుజం తగిలేలా కూర్చున్నారు. ఆయన జుట్టు ముందు పలచబడి, చెవుల దగ్గర నెరిసి, కళ్ళ కింద సంచులు దిగి, నోటి పక్క మడతలు పడి, యాభై దాటిన పెద్దమనిషి. ఆమె నుదురు నున్నగా ఉంది, మధ్యలో ఇంత బొట్టు. అతుకు పెట్టారంటే ఎవరూ నమ్మరు. అందరూ అబ్బ అబ్బ అన్నారు. మా ఆయన అక్కడే ఫోనులో ఫోటో కొట్టి కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేశాడు.

"అరే! చిన్నాయన అచ్చు మా నాయన మాదిరే ఉండాడు చూడప్పా!" అని సురేశ్ మురిసిపోయాడు.

అప్పుడు కర్ర చప్పుడైంది. అత్త లేస్తోంది. ఎడమ కాలు ఆనక, కర్ర జారి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తోంది. "ఏం కావాలత్తా, కూర్చోండి" అని పరుగెత్తాను. ఆమె నన్ను చూడలేదు. లేచి నిలబడి, పనిచేసే చేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తల వంచుకుంది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి గోడకి అతుక్కుపోయింది. అలా నిలబడటం నేను ఐదేళ్ళు చూశాను. మా ఇంట్లో ఆమె అలా నిలబడింది ఒక్క మనిషి ముందే.

"అమ్మా, నాయనే! మన నాయన!" అంటున్నాడు మా ఆయన పిచ్చివాడిలాగా.

"మీ నాయన కాదు" అంది అత్త నేలనే చూస్తూ. వంకరమూతిలోంచి మాట ముద్దగా వచ్చింది, కానీ అందరికీ వినబడింది. "నా గాయం తీసేసినారు. గాయం చేసినోణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెట్టినారు."

నేనే ఆమెను పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టాను. అక్కడ చెప్పింది, ముక్కలు ముక్కలుగా. మామ పోయాక మూడో నెలలో పిల్లవాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి పోదామని బస్టాండు దాకా పోయిందట. దొడ్డప్ప వచ్చి పిల్లవాణ్ణి లాక్కున్నాడట. ఇంటికి తెచ్చి, గింజలు కొలిచే ఇత్తడి శేరుతో నుదుటి మీద కొట్టాడట. "పోతే నువ్వు పో, మా వంశము పిల్లోడు రాడు" అన్నాడట. ఆమె పోలేదు. ఆ ఇంట్లో చాకిరీ చేస్తూ ఉండిపోయింది. కొట్టడం ఆ ఒక్కసారితో ఆగలేదు, మచ్చ పడింది మాత్రం ఆ ఒక్కసారే.

"మీ కొడుక్కి ఏల చెప్పలేదత్తా?" అని ఏడ్చాను.

"వాణ్ణి బాగా చూసుకునె కదమ్మీ. చదివించె. చెప్పి ఏం చేసేది?"

హాల్లో సురేశ్ భోజనం చేయకుండానే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వచ్చి అంతా చెబితే మా ఆయన ఒబ్బట్ల ముందు కూర్చుని, "అమ్మకి స్ట్రోక్ వచ్చినాంక తల సరిగ్గా లేదు శశీ" అన్నాడు. దొడ్డప్ప సైకిల్ మీద తనని బడికి దింపిన సంగతి చెప్పాడు, టైఫాయిడ్ వస్తే ఆస్పత్రిలో నేల మీద పడుకున్న సంగతి చెప్పాడు. అవన్నీ అబద్ధాలని నేననను. కానీ ఆ పూట నాకు మొగుడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మూడేళ్ళ వయసులో మీరూ బస్టాండులో ఉన్నారు కదా, చూశారు కదా అని అరిచాను. ఆయన నాకేం గుర్తులేదన్నాడు. గుర్తులేకపోవడమూ నిజమే కావచ్చు.

మర్నాడు పటం తీసుకుని నేనొక్కదాన్నే నగర్తపేట పోయాను. అంత వాగే పద్మనాభం సంగతి విని కంప్యూటరు ఆపేశాడు. "నేను అడగల్లమ్మా, ఇదెవరిదని అమ్మను ఒక మాట అడగల్ల" అన్నాడు. కొడుకు మొహం నుంచి ఏమన్నా తీసుకుని మళ్ళీ చేస్తానన్నాడు. పాత ఫోటోని ఉన్నదున్నట్టు పెద్దది చేసి కూడా ఇచ్చాడు, ఇరవై ఆరేళ్ళ మామ, పుట్టుమచ్చతో సహా.

అది తెచ్చి అత్త చేతిలో పెట్టాను. చూసింది. వెంటనే బోర్లించింది.

"ఇన్నేండ్లు కండ్లు మూసుకుంటే ఆయప్ప వస్తా ఉండె" అంది. "ఇప్పుడు మూసుకుంటే వీడొస్తాడు. ఆయప్ప మొగములోనే వీడు కూర్చున్నాడు. ఇంక ఏం చేసినా లేవడమ్మీ. ఏమీ చేయించొద్దు."

ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ములుకులా ఉంది. జీవితంలో ఒక్కటి అడిగిన మనిషి, ఉన్నది కూడా పోగొట్టుకుంది. అతికిన పటం పద్మనాభం దగ్గరే పడేసి వచ్చాను గానీ, హాల్లో దొడ్డప్ప పటం అలాగే ఉంది. తీయమని నేనన్నాను, మా ఆయన వినలేదు. దండలు గుచ్చడం మాత్రం మానేశాను. అత్త మంచం గోడ వైపుకి తిప్పించుకుంది. వానాకాలం నడిమధ్యలో, ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుండగా పోయింది.

మా వాళ్ళలో పూడ్చిపెడతాం. మూడో రోజు సమాధి మీద పాలు నెయ్యి పోసి తిరిగొస్తుంటే, వర్తూరు సర్కిల్ మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సు కనబడింది. కన్నడంలో శ్రద్ధాంజలి, కింద సురేశ్, అతని స్నేహితుల పేర్లు. నడుమ ఆ పటమే. మనిషెత్తు. నున్నటి నుదురుతో మా అత్త, ఆమె భుజానికి భుజం ఆనించి దొడ్డప్ప. గ్రూపులో ఉన్న ఫోటోనే తీసి అచ్చు వేయించారు. పాపం సురేశ్ మర్యాదకే చేసి ఉంటాడు, పంచాయితీ పెట్టాలని కాదు. అతనికి ఆ మొహంలో కనబడేది నాయన, చిన్నాయన, ఇద్దరూ.

నాకు మాత్రం మండిపోయింది. మలుపులోనే ఎళనీరు బండి. బొండాలు కొట్టే మచ్చుకత్తి తీసుకున్నాను, బండివాడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు. వెనకాల చుట్టాలంతా నిలబడిపోయారు. స్తంభం దగ్గరికి పోయాక నా చేతిలోంచి కత్తిని ఎవరో లాగేసుకున్నారు. మా ఆయన. గుండు మీద వాన చినుకులు, చేతికి ఇంకా నెయ్యి జిడ్డు. ఆపడానికి వచ్చాడనుకుని తిట్టబోయాను.

ఆయన ఫ్లెక్సు వైపు చూస్తూ, చిన్నపిల్లవాడి గొంతుతో, "శశీ, బస్సు పచ్చరంగుది" అన్నాడు. "అమ్మ నన్ను ఎక్కించింది. నేను కిటికీ దగ్గర కూర్చుంటిని."

తర్వాత కత్తి ఎత్తి నడిమికి దించాడు. ఇద్దరి భుజాలూ కలిసిన చోట, పద్మనాభం అతుకు కనబడకుండా చేసిన చోటనే, పైనుంచి కిందికి కోశాడు. దొడ్డప్ప సగం జారి బురదలో పడింది. సురేశ్ గుంపులోంచి ముందుకు వచ్చి, దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ నాయన కదా మరి.

స్తంభానికి అత్త ఒక్కతే మిగిలింది. నున్నటి నుదురు, బొట్టు, తాళి. ఎవరో మారాణిలాగా ఉంది, మా అత్తలాగా లేదు. పక్క అంగడిలో బియ్యం ధరలు రాసే నల్లపెన్ను అడిగి తెచ్చి, ఎళనీరు బండివాడి స్టూలు ఎక్కాను. ఎడమ కనుబొమ్మ పైన ఆ గీత గీశాను. స్టూలు ఊగి కొంచెం వంకర పోయింది. ఫరవాలేదు, అసలుది కూడా వంకరే.